రెండు ప్రాజెక్టుల ఎన్‌పీవీ గీతలు ఎక్కడ కలుస్తాయి, కలిశాక ఏది తీసుకోవాలి?

ప్రశ్న: నమస్తే అండీ. మా దగ్గర రెండు ప్రాజెక్టులున్నాయి, ఒక్కటే చేయగలం. రెండిటికీ ఇప్పుడు పెట్టాల్సింది 100 లక్షలే. మొదటిదాంట్లో మూడేళ్ళలో వరసగా 60, 50, 20 లక్షలు వస్తాయి. రెండోదాంట్లో 10, 50, 80.5. ఐఆర్‌ఆర్ మొదటిదానికి 17.2 శాతం, రెండోదానికి 14.7 వచ్చింది కాబట్టి నేను మొదటిదే సిఫార్సు చేశాను. మా మేనేజర్‌గారు మన డిస్కౌంట్ రేటు 8 శాతం, ఆ రేటు దగ్గర రెండోదాని ఎన్‌పీవీ ఎక్కువ కదా అన్నారు. ఇంకో సహోద్యోగి 12 శాతం పెట్టి చూస్తే మళ్ళీ మొదటిదే పైన ఉంది. లెక్క ఎవరిదీ తప్పలేదు, టెన్షన్ మాత్రం నాకు పట్టుకుంది. క్రాసోవర్ రేటు అంటారే, అది ఎలా కనుక్కోవాలి? కనుక్కున్నాక దాంతో ఏం చేయాలి?

సమాధానం: ముందు తేల్చాల్సింది తేల్చేస్తాను. మీ డిస్కౌంట్ రేటు నిజంగానే 8 శాతం అయితే, మీరు రాసిన అంకెలు నమ్మదగ్గవే అయితే, మీ మేనేజర్‌గారు చెప్పిందే సరి, రెండోదే తీసుకోవాలి. డిస్కౌంట్ రేటుని అడ్డంగా, ఎన్‌పీవీని నిలువుగా పెట్టి గీస్తే మీ రెండు గీతలూ సరిగ్గా 10 శాతం దగ్గర ఒకదాన్నొకటి దాటుకుంటాయి. రేటు అంతకన్నా తక్కువైతే రెండోది పైన ఉంటుంది, ఎక్కువైతే మొదటిది. 8కీ 12కీ మధ్యలో 10 ఉంది కాబట్టే మీ ఇద్దరు సహోద్యోగులకూ చెరో జవాబు వచ్చింది. అయితే ఆ 10 అనే అంకె మీ ప్రాజెక్టుల్లో చాలా నాజూకైనది, ఆ సంగతి చివర్లో చెబుతాను, అసలు మీరు జాగ్రత్తపడాల్సింది అక్కడే.

ముందు గీతలు ఎందుకు కలుస్తాయో చూద్దాం. ఎన్‌పీవీ అంటే రాబోయే డబ్బుని డిస్కౌంట్ రేటుతో నేటి విలువకి తెచ్చి, అందులోంచి పెట్టుబడి తీసేస్తే మిగిలేది. డిస్కౌంట్ రేటు సున్నా అనుకోండి. అప్పుడు ఎన్‌పీవీ అంటే వచ్చినదంతా కూడి 100 తీసేయడమే. మొదటిదానికి 30, రెండోదానికి 40.5. అంటే ఎడమ చివర రెండోదే పైన ఉంది. ఇక రేటు పెంచుకుంటూ పోతే రెండు గీతలూ కిందికి దిగుతాయి, కానీ ఒకే వేగంతో దిగవు. రెండోదాంట్లో డబ్బులో ఎక్కువ భాగం మూడో ఏడు చివర్లో ఉంది. ఆ 80.5కి 8 శాతం దగ్గర నేటి విలువ 63.9, అదే 12 శాతం దగ్గర 57.3. రేటు నాలుగు శాతం పెరిగేసరికి ఆ ఒక్క అంకె నుంచే 6.6 లక్షలు పోయాయి. మొదటిదాంట్లో పెద్ద మొత్తం 60, అది మొదటి ఏడాదికే వచ్చేస్తుంది. దాని నేటి విలువ 55.6 నుంచి 53.6కి, అంటే కేవలం రెండు లక్షలు మాత్రమే తగ్గింది. ఆలస్యంగా వచ్చే డబ్బుకి రేటు దెబ్బ గట్టిగా తగులుతుంది, రెండోదాని గీత నిటారుగా పడిపోతుంది, మొదటిది నెమ్మదిగా వాలుతుంది. పైనుంచి మొదలైనదే వేగంగా పడుతుంటే ఎక్కడో ఒకచోట మొదటి ప్రాజెక్టు గీతని దాటి కిందికి పోక తప్పదు కదా.

మీ అంకెలతో లెక్కేస్తే 8 శాతం దగ్గర మొదటిదాని ఎన్‌పీవీ 14.30, రెండోదానిది 16.03. 12 శాతం దగ్గర 7.67, 6.09. సరిగ్గా 10 దగ్గర రెండూ 10.89. ఆ తర్వాత రెండో గీత 14.7 దగ్గర సున్నాని తాకుతుంది, మొదటిది 17.2 దాకా పోయి తాకుతుంది. మీరు చూసిన ఐఆర్‌ఆర్‌లు ఈ చివరి రెండు బిందువులే. గీత మొత్తంలో అది నేలని తాకే చోటు ఒక్కటే చూసి, 8 దగ్గర ఏ గీత పైన ఉందో చెప్పలేం. మీ సిఫార్సులో జారిపోయింది ఇదే.

ఇప్పుడు ఆ 10 ఎలా వచ్చింది. చాలామంది రేటు ఒక్కొక్క శాతం మార్చుకుంటూ రెండు ఎన్‌పీవీలూ సమానమయ్యేదాకా వెతుకుతారు, అలా చేసినా దొరుకుతుంది. కానీ అంతకన్నా మంచి దారి ఉంది, పైగా ఆ దారిలో వెళ్తే దాని అర్థం కూడా తెలుస్తుంది. రెండు ప్రాజెక్టుల క్యాష్ ఫ్లోల తేడా తీయండి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే ఇప్పుడు 0, మొదటి ఏడు −50, రెండో ఏడు 0, మూడో ఏడు +60.5. ఈ తేడా వరసకి ఐఆర్‌ఆర్ ఎంతో అదే క్రాసోవర్ రేటు. రెండు ఎన్‌పీవీలు సమానం అంటే వాటి తేడా సున్నా అనేగా, తేడా ఎన్‌పీవీ సున్నా అయ్యే రేటునేగా ఐఆర్‌ఆర్ అంటాం, అంతే సంగతి. దీన్నే ఫిషర్ రేటు అని కూడా అంటారు, 1930లో ఇర్వింగ్ ఫిషర్ అనే ఆర్థికవేత్త ఈ తేడా మీద వచ్చే రాబడి గురించే రాశారు.

మీ విషయంలో దీనికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. 50 ఇచ్చి రెండేళ్ళ తర్వాత 60.5 తీసుకుంటున్నాం. 60.5ని 50తో భాగిస్తే 1.21, దాని వర్గమూలం 1.10, అంటే ఏడాదికి 10 శాతం.

ఇక్కడ కాసేపు ఆగండి, నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది ఈ ఒక్క ముక్కే. మొదటిది వదిలి రెండోది ఎంచుకున్నారంటే మీరు నిజంగా చేస్తున్న పని ఏమిటి? మొదటి ఏడాది చివర చేతికి రావాల్సిన 50 లక్షలు వదులుకుంటున్నారు, దానికి బదులు మూడో ఏడాది చివర 60.5 లక్షలు పుచ్చుకుంటున్నారు. అంటే 50 లక్షల్ని రెండేళ్ళపాటు 10 శాతానికి అప్పు ఇచ్చినట్టే. మిగతాదంతా రెండిట్లోనూ ఒకటే, పెట్టే 100 ఒకటే, మధ్యలో 50 ఒకటే. కాబట్టి మీ కంపెనీకి డబ్బు 8 శాతానికి దొరుకుతుంటే, 8కి తెచ్చి 10కి ఇవ్వడం లాభమే, రెండోది తీసుకోండి. డబ్బు మీకు 12 శాతం పడుతుంటే, 12కి తెచ్చి 10కి ఇచ్చే పని ఎవరూ చేయరు, మొదటిదే మేలు. ఇది ఇలా చెబితే మీ మీటింగ్‌లో ఫైనాన్స్ చదవని వాళ్ళకి కూడా నిమిషంలో అర్థమవుతుంది, గ్రాఫు వేసి చూపించినా ఇంత తేలిగ్గా ఎక్కదు.

అప్పుడు 17.2, 14.7 అనే అంకెలు ఈ నిర్ణయంలో ఎందుకు అక్కరకు రావో కూడా తెలిసిపోతుంది. 17.2 శాతం అనేది ప్రాజెక్టులో ఇంకా ఉన్న డబ్బు మీద వచ్చే రాబడి, మొదటిదాంట్లో ఆ డబ్బు త్వరత్వరగా బయటికి వచ్చేస్తుంది. బయటికి వచ్చిన ఆ 50 లక్షల్ని మీరు మళ్ళీ ఎక్కడ పెడతారు, అక్కడ ఎంత వస్తుంది, అనేది 17.2లో ఎక్కడా లేదు. మీకు వేరే చోట 10 కన్నా ఎక్కువ తెచ్చే అవకాశం ఖాయంగా ఉండి, డబ్బు కొరత వల్ల దాన్ని చేయలేకపోతుంటే, అది వేరే సంగతి. అప్పుడు మీ డిస్కౌంట్ రేటు 8 అని రాసుకోవడమే తప్పు, ఆ అవకాశం ఎంత తెస్తుందో అంత రాయాలి. రేటు మార్చకుండా "త్వరగా వచ్చిన డబ్బుతో ఏదో ఒకటి చేస్తాం" అని మొదటిదాన్ని సమర్థించడం మాత్రం ఒప్పుకోకండి.

ఎక్సెల్‌లో చేసేటప్పుడు ఏళ్ళు 2 నుంచి 5 వరసల్లో, మొదటి ప్రాజెక్టు B లో, రెండోది C లో పెట్టి, ఇప్పుడు పెట్టే 100ని −100గా రాసి, D లో C నుంచి B తీసేయండి. ఆ తర్వాత ఇవి చాలు:

```
=NPV(8%,B3:B5)+B2
=NPV(8%,C3:C5)+C2
=IRR(D2:D5)
```

ఇందులో `NPV` ఫంక్షన్ బ్రాకెట్లో రేటు తర్వాత ఇచ్చిన మొదటి అంకెని కూడా ఒక ఏడాది వెనక్కి డిస్కౌంట్ చేస్తుంది, అందుకే ఇప్పుడు పెట్టే 100ని బయట ఉంచి కలపాలి. దాన్ని కూడా లోపల పెట్టేస్తే మొదటిదానికి 14.30 బదులు 13.24 వస్తుంది. ఈ తప్పు ఎంత మాయగా ఉంటుందంటే, రెండు ప్రాజెక్టులకీ అదే తప్పు చేస్తే రెండూ 1.08తో భాగించినట్టవుతాయి, ఏది పైన ఉందన్నది మారదు, క్రాసోవర్ 10గానే కనిపిస్తుంది. నేను ఒకసారి ఒక సంస్థకి చెందిన రిపోర్టు సరిచూస్తుంటే అందులో గీతలు కలిసే చోటు సరిగ్గా ఉంది, కానీ ఎన్‌పీవీలన్నీ తక్కువగా ఉన్నాయి. రెండు గంటలు తల బద్దలు కొట్టుకున్నాక తెలిసింది ఇదేనని. కాబట్టి క్రాసోవర్ సరిపోయిందని ఎన్‌పీవీలు కూడా సరే అనుకోవద్దు, ఒక రేటు దగ్గర చేత్తో వేసి చూసుకోండి.

తేడా తీసేటప్పుడు ఏదాంట్లోంచి ఏది తీసినా రేటు ఒకటే వస్తుంది, కానీ దాన్ని చదివే తీరు తిరగబడుతుంది. నేను రెండోదాంట్లోంచి మొదటిది తీయమన్నది ఎందుకంటే అప్పుడు సున్నా కాని మొదటి అంకె మైనస్ అవుతుంది, అంటే పెట్టుబడి లాంటి వరస. దానికి "ఐఆర్‌ఆర్ మన రేటు కన్నా ఎక్కువైతే తీసుకో" అనే అలవాటైన సూత్రం సరిపోతుంది. తలకిందులుగా తీస్తే +50, తర్వాత −60.5 వస్తుంది. అది అప్పు తీసుకున్నట్టు. అప్పు మీద 10 శాతం వడ్డీ కడుతున్నాం అన్నమాట. అక్కడ కూడా "10 ఎక్కువ, 8 తక్కువ, కాబట్టి సరే" అని చదివితే సరిగ్గా తప్పు ప్రాజెక్టు చేతికొస్తుంది. విద్యార్థులు ఈ లెక్కలో తప్పే చోటు ఎక్కువగా ఇదేనని చాలాసార్లు చూశాను. మైనస్ ముందు వచ్చేలా అమర్చుకోవడం అలవాటు చేసుకుంటే ఈ బాధ ఉండదు.

అన్ని జంటలకీ ఇలా ఒక్క చోటే, చక్కగా కలవాలని లేదు. తేడా వరసలో గుర్తు ఒక్కసారి మారితే, అంటే మైనస్ నుంచి ప్లస్‌కి ఒక్కసారే వెళ్తే, −100 శాతం పైన క్రాసోవర్ ఒక్కటే ఉంటుంది, అయితే అది సున్నా కన్నా కిందే ఉండొచ్చు. అలా ఉంటే పనికొచ్చే రేట్లన్నిటి దగ్గరా ఒకటే గెలుస్తుంది. గుర్తు రెండుసార్లు మారితే రెండు క్రాసోవర్లు రావచ్చు. ఉదాహరణకి తేడా −100, +230, −132 అయితే అది 10 దగ్గరా, 20 దగ్గరా రెండు చోట్ల సున్నా అవుతుంది, మధ్యలో ఒకటి గెలుస్తుంది, బయట రెండు వైపులా ఇంకొకటి. అక్కడ `IRR` ఫంక్షన్ ఏదో ఒక్క రేటు మాత్రమే చూపించి ఊరుకుంటుంది, రెండోది ఉందని కూడా చెప్పదు. కాబట్టి తేడా వరసలో గుర్తులు ఎన్నిసార్లు మారాయో వేలితో లెక్కపెట్టండి, ఒకటి కన్నా ఎక్కువైతే 0 నుంచి 30 దాకా కొన్ని రేట్ల దగ్గర తేడా ఎన్‌పీవీ వేసి చూడండి. మీ వరసలో −50 నుంచి +60.5కి ఒక్కసారే మారింది కాబట్టి మీకు ఆ గొడవ లేదు.

ఇంకో సంగతి, క్రాసోవర్ దొరికినా దాని దగ్గర ఎన్‌పీవీ పాజిటివ్‌గా ఉందో లేదో చూడాలి. మీకు 10 దగ్గర 10.89 ఉంది కాబట్టి అది నిజమైన మలుపే. గీతలు సున్నా కింద ఎక్కడో కలిస్తే, అక్కడ రెండూ నష్టమే, ఎవరు తక్కువ నష్టపోతారన్నది తేలినా చేసేదేముంది.

ఇక మీ రెండు ప్రాజెక్టులకీ రిస్క్ ఒకే తీరుగా ఉందా అనేది మీ మేనేజర్‌గారిని అడగండి. ఈ మొత్తం గ్రాఫు రెండు గీతలనీ ఒకే రేటు దగ్గర పోల్చడం మీద నిలబడి ఉంది. మూడేళ్ళ దాకా ఆగాల్సిన రెండోదానికి నిజంగా ఎక్కువ రిస్క్ ఉండి 12 శాతం, మొదటిదానికి 8 శాతం పెట్టాలంటే, పోల్చాల్సింది 14.30కీ 6.09కీ మధ్య, క్రాసోవర్‌తో పనే లేదు. అయితే రిస్క్ వేరు అని నోటితో అనుకుంటే సరిపోదు, ఎందుకు వేరో ఎవరైనా చెప్పగలగాలి.

ఇప్పుడు మొదట్లో ఆపిన మాటకి వస్తాను. మీ 10 శాతం మొత్తం ఒక్క అంకె మీద ఆధారపడి ఉంది, అది మూడో ఏడాది 80.5. అది 78 అయిందనుకోండి, అంటే దాదాపు మూడు శాతం తగ్గింది, అంచనాల్లో ఇంత తేడా రావడం మామూలే. అప్పుడు తేడా 60.5 బదులు 58, 58ని 50తో భాగిస్తే 1.16, వర్గమూలం తీస్తే ఏడాదికి 7.7 శాతం. క్రాసోవర్ 10 నుంచి 7.7కి జారిపోయింది, మీ 8 ఇప్పుడు దాని కుడివైపుకి వచ్చేసింది, ఇక మొదటిదే గెలుస్తుంది. ప్రాజెక్టు రద్దు కాలేదు, మూడో ఏడాది రాబడి రెండున్నర లక్షలు తగ్గింది, నిర్ణయం మాత్రం తిరగబడింది.

సరిగ్గా ఎక్కడ తిరగబడుతుందో కూడా లెక్కవేయవచ్చు. 50ని 1.08 వర్గంతో, అంటే 1.1664తో గుణిస్తే 58.32, దానికి మొదటిదాని 20 కలిపితే 78.32. రెండోదాని మూడో ఏడాది రాబడి 78.32 కన్నా పైన ఉన్నంత సేపూ 8 శాతం దగ్గర అదే మెరుగు, కింద పడితే మొదటిది. మీ దగ్గరున్న 80.5కీ ఈ గీతకీ మధ్య దూరం 2.18 లక్షలే. రేటు వైపు నుంచి చూస్తే 8కీ 10కీ మధ్య రెండు శాతం ఉంది, అది కొంచెం నిబ్బరంగానే ఉంది, డబ్బు ఖర్చు 9కి పెరిగినా రెండోదే 0.85 లక్షలు ముందుంటుంది. కానీ రాబడి వైపు నుంచి చూస్తే చోటు చాలా ఇరుకు.

అందుకే నేనైతే ఆఫీసులో 8 సరైనదా 12 సరైనదా అని వాదించడం తగ్గించి, ఆ 80.5 ఎక్కడి నుంచి వచ్చిందో ముందు కనుక్కుంటాను. ఒప్పందంలో రాసి ఉన్న మొత్తమైతే రెండోదే, ధైర్యంగా సిఫార్సు చేయండి. అది అమ్మకాల అంచనా మీదో, చివర్లో యంత్రం అమ్మితే వస్తుందనుకున్న ధర మీదో వచ్చిన అంకె అయితే, ఆ అంచనా వేసిన వాళ్ళతో కూర్చొని ఒకే ఒక్క ప్రశ్న అడగండి: ఇది 78.32 కన్నా కిందికి పడే అవకాశం ఎంత? "సగానికి సగం" అన్నారంటే మీరు మొదట రాసిన సిఫార్సే నిలుస్తుంది, అయితే రిపోర్టులో కారణం మాత్రం 17.2 శాతం ఐఆర్‌ఆర్ అని ఉండకూడదు, ఆ పేరా తీసేసి ఈ 78.32 లెక్క పెట్టండి.